మూడు వేల వాయిదా, పదిహేనేళ్లు

కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. జీతాల బిల్లులు తయారుచేయడం, డీఏ పెరిగినప్పుడల్లా బకాయిలు లెక్కగట్టడం, పే కమిషన్ వచ్చినప్పుడు పాత స్కేలు నుంచి కొత్త స్కేలులోకి ఒక్కొక్కరి జీతాన్నీ మార్చడం నా పని. అలా లెక్కలు చూస్తూ ఉండగా ఒక సహోద్యోగి ఇంటి అప్పు మొదటి వాయిదా నుంచి చివరి వాయిదా దాకా నా కళ్ల ముందే నడిచింది. ఈ రోజు మీకు చెప్పబోయేది ఆ అప్పు గురించే.

2001 జులైలో ఆయన విజయవాడ శివారులో రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాడు. చేతిలో ఉన్నదీ, ప్రావిడెంట్ ఫండ్‌లోంచి తీసినదీ పోగా రెండున్నర లక్షలు అప్పు చేశాడు. వడ్డీ పన్నెండు శాతం. గడువు పదిహేనేళ్లు, అంటే నూట ఎనభై వాయిదాలు. నెలకు మూడు వేల రూపాయలు. అప్పటికి ఆయన స్కేలు 5,500తో మొదలయ్యేది. ఆ 5,500 మూలవేతనం మీద నలభై ఐదు శాతం డీఏ కలిస్తే 7,975 రూపాయలు. ఇంటద్దె భత్యం, మిగతా కోతలు లెక్కలోకి తీసుకోకుండా ఈ రెండే పట్టుకుందాం, లెక్క తేలికగా ఉంటుంది. దాదాపు ఎనిమిది వేలలో మూడు వేలు అప్పుకే పోయేవి. వందకు ముప్ఫై ఎనిమిది. నెల మొదటి వారంలోనే జీతంలో సగం ఖాళీ. "ఈ ఇల్లు మనల్ని పదిహేనేళ్లూ తింటుంది" అని వాళ్లావిడ అన్న మాట ఆయన మాతో చెప్పుకుని బాధపడ్డాడు. ఆ మాట తప్పని నేను అప్పుడు అనలేకపోయాను.

నాలుగేళ్లు గడిచాక, 2005 జులైలో అదే మనిషి జీతం చూడండి. ఏటా 175 చొప్పున ఇంక్రిమెంట్లు కలిసి మూలవేతనం 6,200 అయింది. 2004లో యాభై శాతం డీఏని మూలవేతనంలో కలిపేశారు. దాని మీద మళ్లీ ఇరవై ఒక శాతం డీఏ. అన్నీ కలిపితే పదకొండు వేల రెండొందల యాభై చిల్లర. వాయిదా మాత్రం మూడు వేలే. అంటే వందకు ఇరవై ఏడు. ఆ తర్వాత ఆరో పే కమిషన్ వచ్చింది. 2008 ఆగస్టు చివర ఉత్తర్వులు వెలువడ్డాయి గాని, అమలు 2006 జనవరి నుంచే. పాత మూలవేతనాన్ని 1.86తో గుణించి, గ్రేడ్ పే కలిపి కొత్త జీతం కట్టాం. కొత్త జీతాలు చేతికొచ్చేసరికి ఆయన బేసిక్, పదహారు శాతం డీఏ కలిపి దాదాపు ఇరవై వేలు. మూడు వేల వాయిదా వందకు పదిహేనుకు దిగింది. 2011లో పదికి దిగింది. 2016 జూన్‌లో చివరి వాయిదా కట్టేనాటికి ఆయన మూలవేతనం 21,210, డీఏ 125 శాతం, కలిపి నలభై ఏడు వేల ఏడొందలు. అందులో మూడు వేలంటే వందకు ఆరు. ఈ పదిహేనేళ్లలో ఆయనకు పదోన్నతి రాలేదు. అదే కుర్చీ, అదే పని.

ఇది మామూలుగా మనం చూసే విషయమే. పాతకాలం వాళ్లు "మేం ఇల్లు కట్టినప్పుడు నెలకు మూడొందలు కట్టేవాళ్లం" అంటే మనం ఆశ్చర్యపోతాం. ఆ మూడొందలు ఆ రోజుల్లో ఎంత బరువో మనకు తెలియదు. అయితే ఈ బరువు ఎందుకు తగ్గింది, ఎంత తగ్గింది, దానిలో ఎంత ధరల వల్ల, ఎంత జీతం వల్ల అనేది విడదీసి చూస్తే తప్ప అసలు సంగతి బయటపడదు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

ముందు ధరల సంగతి. మా డీఏ ఒక సూచీ మీద నడుస్తుంది. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ అంటారు దాన్ని. సిమ్లాలో ఉన్న లేబర్ బ్యూరో దాన్ని లెక్కగడుతుంది. గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాద్, వరంగల్ లాంటి ఊళ్లలో బియ్యం, పప్పు, నూనె, బట్టలు, అద్దె, బస్సు చార్జీ ధరలు రాసుకుని, దేశమంతటి ఊళ్ల లెక్కలతో కలిపి ఒక అంకె చేస్తారు. 2001 సగటును వంద అనుకుని కట్టిన ఆ సూచీ 2016 జూన్‌లో 277. అంటే 2001లో వంద రూపాయలకు వచ్చిన సరుకులు కొనడానికి పదిహేనేళ్ల తర్వాత 277 రూపాయలు కావాలి. ఏటా సుమారు ఏడు శాతం చొప్పున పెరిగినట్టు.

ఇప్పుడు దీన్ని వాయిదాకు పట్టించండి. 2016లో మా సహోద్యోగి కట్టిన మూడు వేలతో బజారులో ఏం వస్తుందో, అది 2001లో వెయ్యి ఎనభై రూపాయలకే వచ్చేది. కాగితం మీద మూడు వేలే గాని, సరుకుల లెక్కలో అప్పు ఇచ్చినవాడికి చేరింది మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. ధరల పెరుగుదల వాయిదాకు చేసిన పని ఇంతే. మరి జీతం? ఎనిమిది వేల నుంచి నలభై ఏడు వేల ఏడొందలకు, అంటే ఆరు రెట్లు. ధరలు రెండు రెట్ల ముప్పావు పెరిగితే జీతం ఆరు రెట్లు పెరిగింది. ఆరును రెండుముప్పావుతో భాగిస్తే రెండు పైచిలుకు. అంటే ఆ మనిషి నిజంగానే, సరుకుల లెక్కలోనే, రెండింతలకు పైగా సంపన్నుడయ్యాడు. ఏటేటా ఇంక్రిమెంట్లు, మధ్యలో పే కమిషన్ ఇచ్చిన పెంపు దానికి కారణం. వందకు ముప్ఫై ఎనిమిది నుంచి ఆరుకు దిగడంలో ఒక భాగం ధరలది, ఇంకో భాగం ఆయన జీతం ధరలను దాటి పెరగడానిది. రెండూ వేర్వేరు.

ఈ రెంటినీ కలిపేస్తే ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంకో లెక్క చెప్తాను. ఒక ప్రైవేటు కంపెనీ ఉద్యోగి అనుకుందాం. జీతం ఎనిమిది వేలు. వాయిదా అదే మూడు వేలు. మిగిలిన అయిదు వేలతో ఇల్లు గడుస్తుంది. అయిదేళ్లలో ఆయన జీతం తొమ్మిది వేలే అయింది. ధరలు ఏటా ఏడు శాతం పెరిగాయి. అప్పుడు అయిదు వేల ఇంటి ఖర్చు ఏడు వేలవుతుంది. తొమ్మిది వేలలో మూడు వేలు వాయిదా పోతే మిగిలేవి ఆరు వేలు. నెలకు వెయ్యి రూపాయల లోటు. వాయిదా సరుకుల లెక్కలో తగ్గిన మాట నిజమే, కాని ఆ మనిషికి మాత్రం అప్పు మొదటికన్నా బరువైంది. ధరల పెరుగుదల అప్పును కరిగిస్తుందని ఎవరైనా చెబితే, జీతం ఆ ధరలతో పాటైనా నడుస్తోందా అని ముందు అడగాలి. జీతం నడవకపోతే ధరలు ముందు వంటింటిని కరిగిస్తాయి. ప్రభుత్వోద్యోగులకు కూడా ఇది తప్పలేదు. కరోనా కాలంలో, 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా కేంద్ర ప్రభుత్వం మూడు విడతల డీఏని నిలిపేసింది. ఏడాదిన్నర పాటు పదిహేడు శాతం దగ్గరే ఉండిపోయింది. ఆ కాలపు బకాయిలు తర్వాత కూడా ఇవ్వలేదు. రాష్ట్రాల్లో పీఆర్సీ ఆలస్యమైనప్పుడు, డీఏలు పెండింగులో పడ్డప్పుడు మన ఉపాధ్యాయులు పడే ఇబ్బంది మీకు తెలిసిందే. వాయిదా మాత్రం ఏ నెలా ఆగదు.

ఇక అప్పు ఇచ్చినవాడి సంగతి చూద్దాం. రూపాయి విలువ పడిపోతుందని వాడికి తెలియదా? బాగా తెలుసు. అందుకే పన్నెండు శాతం. మొదటి నెల వాయిదా తీసుకోండి. రెండున్నర లక్షల మీద నెలకు ఒక శాతం, అంటే 2,500 వడ్డీ. మిగిలిన 500 మాత్రమే అసలుకు జమ. ఆ 2,500 అంతా వడ్డీ అని మనం అనుకుంటాం, పాస్‌బుక్‌లో కూడా అలాగే రాస్తారు. కాని ధరలు ఏటా ఏడు శాతం పెరిగే లెక్కన చూస్తే, ఆ రెండున్నర లక్షల అసలు విలువ ఒక్క ఏడాదిలో పదిహేడున్నర వేల మేర తరిగిపోతుంది. నెలకు దాదాపు 1,450. అప్పు ఇచ్చినవాడు ఆ తరుగుకు పరిహారంగా 1,450 ముందే వసూలు చేసుకుంటున్నాడు. నిజంగా డబ్బు వాడుకున్నందుకు కట్టే అద్దె మిగిలిన వెయ్యీ యాభై. మాటలో వడ్డీ అని ఉన్నా ఆ 1,450 నిజానికి అసలు తీర్చడమే.

దీన్ని అర్థం చేసుకుంటే మొదటి సంవత్సరాలు ఎందుకంత భారమో తెలుస్తుంది. రాబోయే పదిహేనేళ్లలో రూపాయి పడిపోతుందని లెక్కగట్టి, ఆ పడిపోయేదానికి పరిహారాన్ని మొదటి రోజు నుంచే వాయిదాలో కలిపేశారు. రూపాయి ఇంకా పడలేదు, జీతం ఇంకా పెరగలేదు, కాని వాయిదా అవన్నీ జరిగిపోయినట్టుగా ఉంటుంది. అందువల్ల మొదట్లో నిజమైన భారం ఎక్కువ, చివర్లో బాగా తక్కువ. మా సహోద్యోగి భార్య అన్న మాట మొదటి మూడు నాలుగేళ్లకు అక్షరాలా నిజం. కొత్తగా ఉద్యోగంలో చేరి, పిల్లలు చిన్నవాళ్లుగా ఉండగా అప్పు చేసేవాళ్లు ఈ మొదటి భాగాన్ని దాటలేకే చెయ్యి కాల్చుకుంటారు. తర్వాత తేలికవుతుందన్న మాట నిజమే, ఆ తర్వాతి రోజు దాకా నిలబడగలగాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. అప్పు ఇచ్చినవాడు ఊహించిన ధరల పెరుగుదల వడ్డీలో ముందే కలిసిపోతుంది కాబట్టి, అప్పు తీసుకున్నవాడికి దానివల్ల లాభం ఏమీ లేదు. ఊహించినదానికన్నా ఎక్కువ పెరిగితేనే లాభం. తక్కువ పెరిగితే నష్టం. మా సహోద్యోగికి రెండూ జరిగాయి.

2001లో పన్నెండు శాతం వడ్డీ ఎందుకు పెట్టారు? అంతకుముందు పదేళ్లు మరచిపోలేరు గనక. 1991-92లో మా సూచీ ఒక్క ఏడాదిలోనే పదమూడు శాతం పైగా పెరిగింది. 1998లో ఉల్లిపాయల ధర మండినప్పుడు ఆ ఏడాది కూడా పదమూడు శాతం. ఆ జ్ఞాపకంతో పన్నెండు శాతం ఖాయం చేశారు. తీరా చూస్తే 2001 నుంచి 2005 దాకా ధరలు ఏటా నాలుగు శాతానికి అటూ ఇటూగానే పెరిగాయి. పన్నెండులో నాలుగు తీసేస్తే ఎనిమిది. సరుకుల లెక్కలో అది చాలా ఖరీదైన అప్పు. అదే కాలంలో వడ్డీ రేట్లు కూడా పడిపోయి, 2004 వచ్చేసరికి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు ఎనిమిది శాతం దగ్గర దొరికేది. స్థిర వడ్డీ తీసుకున్నవాడు పన్నెండు దగ్గరే ఉండిపోయాడు. వేరే చోటికి మార్చుకుందామంటే ముందస్తుగా తీర్చినందుకు జరిమానా, మళ్లీ ప్రాసెసింగ్ ఫీజు, మళ్లీ పత్రాల ఖర్చు. లెక్క చూసుకుంటే అప్పటికీ మార్చుకోవడమే లాభం. ఆయన కార్యాలయాల చుట్టూ తిరిగే ఓపిక లేక ఊరుకున్నాడు. ఆ నిర్ణయం ఆయనకు చాలా ఖరీదైందని ఈ రోజుకీ నా అభిప్రాయం.

2006 నుంచి గాలి మారింది. ధరలు ఆరు, తర్వాత తొమ్మిది, 2009-10లో పన్నెండు శాతం పైన పెరిగాయి. ఆ తర్వాత నాలుగేళ్లూ పదికి అటూ ఇటూగానే ఉన్నాయి. 2009-10లో కందిపప్పు కొన్నవాళ్లకు ఆ సంవత్సరం గుర్తుండే ఉంటుంది. అప్పుడు మా సహోద్యోగి పన్నెండు శాతం అప్పు సరుకుల లెక్కలో దాదాపు వడ్డీ లేని అప్పు. పదిహేనేళ్లూ కలిపి చూస్తే కాగితం మీద ఆయన కట్టింది అయిదు లక్షల నలభై వేలు, అంటే రెండు లక్షల తొంభై వేలు వడ్డీ. ప్రతి ఏడాది వాయిదానూ ఆ ఏటి సూచీతో తగ్గించి 2001 రూపాయల్లోకి మార్చి కూడాను. సుమారు మూడు లక్షల అరవై వేలు వచ్చింది. నిజమైన వడ్డీ లక్షా పదివేల దగ్గర. మంచి సంవత్సరాలు చివరికి రావడం వల్ల, అప్పటికే చాలా అసలు తీరిపోవడం వల్ల లాభం ఆ మేరకే ఆగింది. అవే సంవత్సరాలు ముందొచ్చి ఉంటే ఇంకా తగ్గేది. ధరలు ఎంత పెరిగాయన్నదే కాదు, ఎప్పుడు పెరిగాయన్నదీ లెక్కే.

మరి ఆ తగ్గిన భారం ఎక్కడికి పోయింది? ఊరికే ఆవిరైపోలేదు. అప్పు ఇచ్చే సంస్థ సొంత డబ్బు ఇవ్వదు, డిపాజిట్లు పెట్టినవాళ్ల డబ్బు ఇస్తుంది. 2009-10లో పన్నెండు శాతం ధరలు పెరుగుతుండగా ఏడెనిమిది శాతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకున్న రిటైరైన మాస్టారు, భర్త పోయి ఆ వడ్డీ మీదే బతికే ఒక తల్లి, వాళ్ల సొమ్ము విలువే తరిగింది. మా సహోద్యోగి వాయిదా తేలికైన ఆ సంవత్సరాల్లోనే మా కార్యాలయం పెన్షనర్లు కొందరు నా దగ్గరికొచ్చి, డిపాజిట్ వడ్డీతో నెల గడవడం లేదని చెప్పేవాళ్లు. రెండు ఫైళ్లూ నా బల్ల మీదే ఉండేవి. అందుకే ఈ విషయాన్ని సంబరంగా చెప్పడం నాకు చేతకాదు.

ఇక 'స్థిర వడ్డీ' అన్న మాట గురించి. పైన చెప్పిన లెక్కంతా వాయిదా నిజంగా మారకపోతేనే వర్తిస్తుంది. మా సహోద్యోగి ఒప్పందం నేను స్వయంగా చదివాను, పూర్తి గడువుకూ వడ్డీ మారదని అందులో ఉంది. అన్నీ అలా ఉండవు. పైన 'ఫిక్స్‌డ్' అని రాసి, లోపల ఎక్కడో రెండేళ్లకో మూడేళ్లకో రేటు సవరించే హక్కు మాకుందని రాసుకున్న ఒప్పందాలు నేను చూశాను. మార్కెట్ పరిస్థితులు అసాధారణంగా మారితే సవరిస్తామనే షరతు ఇంకొన్నింట్లో ఉంటుంది. అసాధారణం అంటే ఏమిటో నిర్ణయించేది ఇచ్చినవాళ్లే. శాంక్షన్ లెటర్ ఒక్కటే చదివి ఊరుకోకండి. ఒప్పందంలో 'రీసెట్' అన్న మాట ఎక్కడుందో వెతకండి. ఉంటే అది మీకు ఆ తేదీ వరకే స్థిర వడ్డీ.

ఈ రోజుల్లో మన దగ్గర ఇంటి అప్పుల్లో ఎక్కువ భాగం ఫ్లోటింగ్ రేటువే. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ ఇంటి అప్పుల్ని రెపో రేటు లాంటి బయటి ప్రమాణానికి ముడిపెట్టాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ధరలు పెరిగితే రిజర్వు బ్యాంకు రెపో పెంచుతుంది, దానితోపాటు మీ వడ్డీ పెరుగుతుంది. అంటే ధరల వల్ల రావాల్సిన ఊరటను పెరిగిన వడ్డీ వెనక్కి లాక్కుంటుంది. 2022 మే మొదట్లో నాలుగు శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికి ఆరున్నర అయింది. ఏడు శాతానికి ఇరవై ఏళ్ల అప్పు తీసుకున్నవాడికి లక్షకు 775 రూపాయల వాయిదా. వడ్డీ తొమ్మిదిన్నర అయితే లక్ష మీద నెల వడ్డీయే 790 దాటుతుంది. వాయిదా పెంచకుండా గడువు మాత్రమే పొడిగిస్తూ పోతే కట్టే డబ్బు వడ్డీకే చాలదు, అసలు తగ్గకపోగా పెరుగుతుంది. మీ అప్పు ఫ్లోటింగ్ అయితే ఏడాదికోసారి స్టేట్‌మెంట్ తీయించి రెండే రెండు అంకెలు చూడండి: పోయిన ఏడాది అసలు బాకీ ఎంత, ఈ ఏడాది ఎంత. తగ్గకపోతే వెంటనే వెళ్లి వాయిదా పెంచమని అడగండి.

పూర్తి గడువుకూ వడ్డీ మారని అప్పు మామూలు విషయమైన దేశం అమెరికా. అక్కడ ముప్ఫై ఏళ్ల స్థిర వడ్డీ ఇంటి అప్పే ఎక్కువమంది తీసుకుంటారు. 2021 జనవరిలో ఆ వడ్డీ సగటున రెండు పాయింట్ ఆరు అయిదు శాతానికి దిగింది. ఏడాదిన్నర తిరక్కుండా, 2022 జూన్‌లో, అక్కడి ధరల పెరుగుదల 9.1 శాతానికి చేరింది. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఆ తరుణంలో ఇల్లు కొన్న మన పిల్లలు చాలామంది ఉన్నారు. ఇచ్చినవాళ్లు ఊహించని పెరుగుదల అది, కాబట్టి ఆ లాభం పూర్తిగా తీసుకున్నవాళ్లదే. కాని 2023 అక్టోబరులో కొత్త అప్పుల వడ్డీ ఏడున్నర దాటింది. ఉద్యోగం వేరే ఊరికి మారితే పాత ఇల్లు అమ్మి కొత్తది కొనాలంటే ఆ చవక అప్పును వదులుకోవాలి. అందుకని కదల్లేకపోతున్నవాళ్లూ ఉన్నారు. తేలికైన అప్పు కాళ్లకు అలా అడ్డం పడుతుంది.

ఇప్పుడు మళ్లీ మా సహోద్యోగి దగ్గరికి వద్దాం. 2008 చివర్లో పే కమిషన్ బకాయిలు వచ్చాయి. మొదటి విడత నలభై శాతం, మిగిలిన అరవై మరుసటి ఆర్థిక సంవత్సరంలో. అప్పటికి ఆయన అప్పు లక్షా ఎనభై వేలు మిగిలి ఉంది. ఆ డబ్బు అప్పుకు కట్టెయ్యాలా అని నన్ను అడిగాడు. సెక్షన్‌లో ఒకరు "ధరలు ఇలా పెరుగుతుంటే అప్పు తీర్చడం తెలివితక్కువ, దానంతట అదే కరుగుతుంది" అన్నారు. వినడానికి బాగుంటుంది ఆ మాట. తప్పు మాట. ధరలు అప్పును ఎంత కరిగిస్తాయో, బ్యాంకులో దాచుకున్న మీ డబ్బునూ అంతే కరిగిస్తాయి. రెండువైపులా ఒకే తరుగు కాబట్టి దాన్ని పక్కన పెట్టి, వడ్డీకి వడ్డీ పోల్చాలి. అప్పు మీద పన్నెండు కడుతున్నాడు. ఆ డబ్బు ప్రావిడెంట్ ఫండ్‌లో వేస్తే ఎనిమిది శాతం వస్తుంది. ఆదాయపు పన్నులో వడ్డీకి వచ్చే మినహాయింపు తీసేసి చూసినా అప్పు వడ్డీయే ఎక్కువ. కాబట్టి కట్టెయ్యడమే లెక్క అని చెప్పాను.

ఆయన కట్టలేదు. ఆ ఏడాదే పెద్దమ్మాయికి ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. బకాయిలు ఫీజుకూ హాస్టలుకూ పోయాయి. నేను మళ్లీ లెక్క వేసి చూశాను. ఆ డబ్బు అప్పుకు కట్టేసి, ఫీజు కోసం బయట చేబదులు తెచ్చి ఉంటే నూటికి రెండు రూపాయల వడ్డీ పడేది, అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. పన్నెండు శాతం అప్పును అలాగే ఉంచుకోవడం ఆయన చేయగలిగిన వాటిలో చవకైన పని. నా సలహా కాగితం మీద సరైందే. ఆయన ఇంటి సంగతి అంతా తెలుసుకోకుండా ఇచ్చాను.

2016 జూన్‌లో నూట ఎనభయ్యో వాయిదా పోయింది. ఇంటి పత్రాలు తీసుకురావడానికి ఆయన, ఆయన భార్య ఇద్దరూ కలిసి వెళ్లారు. ఏడో పే కమిషన్ ఉత్తర్వులు ఆ జులైలో వచ్చాయి, ఆగస్టు జీతంతో బకాయిలు. ఆయన మూలవేతనాన్ని 2.57తో గుణించి కొత్త పట్టికలో పెడితే 55,200 అయింది. ఆ బిల్లు నేనే రాశాను. అందులో వాయిదా కోత గడి మొదటిసారిగా ఖాళీగా ఉంది.